కంపెనీ పేరు ఒకటి, ప్యాకెట్ మీద పేరు ఒకటి: మా బియ్యం, కందిపప్పుకు ఏ పేరైతే సిటీలో నమ్ముతారు?

కందిచేను:
అందరికీ నమస్కారం. వికారాబాద్ జిల్లాలో రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పనులు చూస్తుంటాను. కంపెనీ పేరు మండలం పేరుతో మొదలై "ఫార్మర్ ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్" అని ముగుస్తుంది. ఇప్పటిదాకా కందులు యార్డుకు, వడ్లు కొనుగోలు కేంద్రానికి పోయేవి. ఈ వానాకాలం పంట నుంచి తెలంగాణ సోనా బియ్యం 5, 10 కిలోల సంచుల్లో, కందిపప్పు అరకిలో, కిలో ప్యాకెట్లలో హైదరాబాద్‌లో అమ్మాలని బోర్డు తీర్మానం చేసింది.

పేర్ల దగ్గర ఆగిపోయాం. ఐదు మిగిలాయి: తాండూరు రైతు, స్వచ్ఛ ధాన్య, శ్రీ అనంత పద్మనాభ, కాగ్నా, నిండు మానిక. డైరెక్టర్లు ఎక్కువమంది మొదటి మూడింటి వైపే ఉన్నారు. నాకు చివరి రెండూ నచ్చాయి కానీ కారణం గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఇంకో సందేహం కూడా ఉంది. ప్యాకెట్ వెనక అంత పొడుగు కంపెనీ పేరు ఉంటే సిటీవాళ్లు ఇదేదో సర్కారు సంఘం సరుకు అనుకుంటారేమో, అసలు కంపెనీ పేరే మార్చేస్తే ఎలా ఉంటుందని ఒక డైరెక్టర్ అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఊరి_సంఘం:
పేరు పెట్టడం పెద్ద పనేమీ కాదన్నా. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో SPICe+ ఫారం పార్ట్ ఏ తెరిచి రెండు పేర్లు ఇవ్వాలి, ఫీజు ₹1,000. ఓకే అయితే 20 రోజులు ఆ పేరు మీకు పట్టి ఉంచుతారు, ఆలోపు మిగతా ఫారాలు వేసెయ్యాలి. చివర "ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్" అని ఉండి తీరాలి. "నేషనల్", "సెంట్రల్" లాంటి మాటలు పెడితే కేంద్రం అనుమతి అడుగుతారు. ఇప్పటికే ఉన్న పేరుకు ఒక అక్షరం మార్చినా, ఏకవచనాన్ని బహువచనం చేసినా అదే పేరు కింద లెక్కగట్టి తిరగ్గొడతారు. అందుకే మండలం పేరు ముందు పెట్టుకుంటే తేలిగ్గా వస్తుంది.

ముద్ర:
ఊరి_సంఘం గారు చెప్పింది కొత్త కంపెనీకి సరిగ్గా సరిపోతుంది. కందిచేను గారి కంపెనీ ఇప్పటికే ఉంది, ఆయన అడుగుతున్నది ప్యాకెట్ మీద పేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే చాలా కంపెనీలు చిక్కుల్లో పడుతున్నాయి. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుల పని చేస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కంపెనీ పేరు రిజిస్ట్రార్ దగ్గర నమోదైందంటే అదే పేరుతో ఇంకో కంపెనీ రాదని మాత్రమే అర్థం. ఆ పేరుతో బియ్యం సంచి అమ్మే హక్కు దానివల్ల రాదు. ఆ హక్కు 1999 ట్రేడ్‌మార్క్ చట్టం కింద వేరుగా తెచ్చుకోవాలి, లేదా మార్కెట్‌లో వాడి వాడి సంపాదించుకోవాలి. అటు నుంచి చూసినా ఇంతే: బ్రాండ్‌కు "ప్రొడ్యూసర్ కంపెనీ" అన్న తోక అక్కర్లేదు, మండలం పేరూ అక్కర్లేదు.

కంపెనీ పేరు మార్చొద్దని నా సలహా. అందుకు సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం కావాలి, కొత్త పేరుకు ముందస్తు ఆమోదం తీసుకోవాలి, INC-24 ఫారం వేయాలి, కొత్త సర్టిఫికెట్ రావాలి. తరువాత పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ, ఆహార లైసెన్సు, ఎరువుల, విత్తనాల లైసెన్సులు ఉంటే అవీ వరసగా మార్చుకుంటూ పోవాలి. ఈ మధ్యలో అచ్చు వేయించిన సంచుల మీద పాత పేరు, లైసెన్సులో కొత్త పేరు పడితే తనిఖీలో మొదట పట్టుకునేది దాన్నే. ఆ పొడుగు పేరు వెనకవైపు చిన్న అక్షరాల్లో చిరునామాతో ఉంటుంది. అక్కడ అది ఉండటం మంచిదే, ఎందుకో సిటీలో అమ్మేవాళ్లు చెబితే బాగుంటుంది.

మిల్లు_మామ:
పేరు ఏదైనా పెట్టుకోండి గానీ రిజిస్టర్ మాత్రం చేయించకండి. రిజిస్టర్డ్ బ్రాండ్ అయితే బియ్యం మీద, పప్పు మీద 5 శాతం జీఎస్టీ పడుతుంది, రిజిస్టర్ కాకపోతే పడదు. మా లైన్‌లో చాలామంది అందుకే బ్రాండ్ పేరు మీద హక్కు వదులుకున్నామని అఫిడవిట్ ఇచ్చి అమ్మారు.

లెక్కలపుస్తకం:
మిల్లు_మామ గారూ, మీరు చెప్పింది 2022 జూలై 17 వరకు నిజమే. 18వ తేదీ నుంచి బ్రాండ్ అన్న లెక్కే తీసేశారు. ఇప్పుడు చూసేది రెండే: ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన సరుకా కాదా, ప్యాకెట్ 25 కిలోల లోపా పైనా. కందిచేను గారి 5, 10 కిలోల సంచులకు, కిలో పప్పుకు బ్రాండ్ రిజిస్టర్ చేసినా చేయకపోయినా 5 శాతం పడుతుంది. బియ్యం షాపుల్లో 26 కిలోల బస్తాలు అంతగా కనబడటానికి కారణం ఈ హద్దే. కాబట్టి పన్ను భయంతో రిజిస్ట్రేషన్ మానుకుంటే పన్ను ఎలాగూ కట్టాల్సిందే, పేరు మీద హక్కు మాత్రం ఉండదు.

మిల్లు_మామ:
సరే, ఆ మార్పు నిజమే. కానీ ఇప్పటికీ కొంతమంది ఆడిటర్లు పాత మాటే చెబుతున్నారు, రైతు కంపెనీలు విని ఊరుకుంటున్నాయి.

పేరు గురించి మిల్లు వైపు నుంచి ఒక్క మాట. పప్పు ప్యాకెట్ మీద పేరు కింద చాలామంది "పాలిష్ లేనిది", "నూనె తగలనిది" అని వేయిస్తారు. ఈ రెండూ ఒకటి కాదు. కందులు పొట్టు ఊడటం కష్టం. పొడి పద్ధతిలో పప్పు పట్టే మిల్లులో ముందు కందుల పైపొర గీరి, కొంచెం నూనె పట్టించి, ఆరబెట్టి, ఆ తరువాత పొట్టు తీస్తారు. అంటే చివర్లో మెరుపు కోసం వేసే పాలిష్ ఆపించినా మొదట్లో నూనె తగిలే ఉంటుంది. "పాలిష్ చేయలేదు" అనొచ్చు, "నూనె తగల్లేదు" అంటే అబద్ధం. మీ కందులు ఏ మిల్లు ఏ పద్ధతిలో పడుతుందో అడిగి రాయించుకున్నాకే లేబుల్ మీద మాట పెట్టండి.

కందిచేను:
ఇది మాకు తట్టనే లేదు. "నూనె తగలని పప్పు" అనే డిజైనర్ రాసిచ్చాడు. మిల్లును అడుగుతాను.

సిటీ_సరుకు:
కూకట్‌పల్లి వైపు అపార్ట్‌మెంట్లకు బియ్యం, పప్పులు వేస్తాను. కొత్త పేరు చూసినప్పుడు కొనేవాళ్లు ఏం చేస్తారో రాస్తాను. ముందువైపు పేరు చదువుతారు, వెంటనే ప్యాకెట్ తిప్పుతారు. వెనక వెతికేది ప్యాక్ చేసిన నెల, ఏ ఊరు, ఫోన్ నంబరు. ముందు "రైతు" అనీ "పల్లె" అనీ ఉండి వెనక చిరునామా సిటీలోని ఏదో ట్రేడర్స్‌ది అయితే పక్కన పెట్టేస్తారు, ఎందుకంటే అలాంటి పేర్లు వ్యాపారులు కూడా ధారాళంగా వాడుతున్నారు. ముందు ఏ పేరున్నా వెనక మీ మండలం పేరుతో రైతు కంపెనీ అని, సర్వే నంబరుతో సహా చిరునామా ఉంటే "ఇది నిజంగానే వాళ్లదే" అంటారు. అందుకే కంపెనీ పేరు మార్చొద్దన్న మాట నాకూ సరైనదే అనిపిస్తోంది.

మీ పేర్లలో "స్వచ్ఛ ధాన్య" మాత్రం తీసేయండి. హైదరాబాద్‌లో స్వచ్ఛ అనగానే పొద్దున్నే వీధిలోకి వచ్చే చెత్త ఆటో గుర్తొస్తుంది. దాని మీద రాసి ఉండేది ఆ మాటే. తినే సరుకు మీద అది వద్దు.

ఇంకోటి: పేరు ఫోన్‌లో చెబితే అర్థం కావాలి. మా ఆర్డర్లలో సగం "ఆ పప్పు ఇంకోసారి పంపండి" అని ఫోన్‌లోనే వస్తాయి. మీకు పరిచయం లేని ఇరవై మందికి ఫోన్ చేసి పేరు ఒక్కసారే చెప్పి, విన్నది ఇంగ్లీషు అక్షరాల్లో వాట్సాప్ చేయమనండి. అందులో తెలుగువాళ్లు, హిందీ మాట్లాడేవాళ్లు, తమిళులు కలిసి ఉండాలి. నాలుగైదు రకాల స్పెల్లింగ్ వస్తే రేపు మిమ్మల్ని గూగుల్‌లో వెతికినా దొరకరని అర్థం.

ముద్ర:
స్వచ్ఛ మాటకు చట్టం వైపు ఇంకో చిక్కు ఉంది. ఆహార ప్రమాణాల సంస్థ 2018లో తెచ్చిన ప్రకటనలు, క్లెయిముల నిబంధనల ప్రకారం బ్రాండ్ పేరులో ప్యూర్, నేచురల్, ఫ్రెష్, ట్రెడిషనల్, ఒరిజినల్, రియల్ లాంటి విశేషణం ఉండి అది కొనేవారిని తప్పుదారి పట్టించేలా ఉంటే, "ఇది బ్రాండ్ పేరు లేదా ట్రేడ్‌మార్క్ మాత్రమే, సరుకు అసలు స్వభావాన్ని తెలపదు" అన్న అర్థం వచ్చే వాక్యం లేబుల్ మీద కనీసం 3 మిల్లీమీటర్ల అక్షరాల్లో వేయాలి. తెలుగులో రాశాం కదా అంటే తప్పించుకోలేం. స్వచ్ఛ అంటే ఏమిటో అధికారికీ తెలుసు. నమ్మకం కోసం పెట్టుకున్న పేరు పక్కనే ఆ పేరును నమ్మొద్దని మీరే రాసుకోవాల్సి వస్తుంది. ఆర్గానిక్ అన్న మాట దీనికంటే కఠినం. ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ గానీ ధ్రువీకరణ లేకుండా పేరులోనూ లేబుల్‌లోనూ ఆ మాట ఊసెత్తకండి.

ఇప్పుడు "తాండూరు రైతు". ఊరి పేరు, వృత్తి పేరు కలిస్తే అది సరుకు ఎక్కడిదో, ఎవరిదో చెప్పే వర్ణన అవుతుంది. ట్రేడ్‌మార్క్ చట్టం 9వ సెక్షన్ కింద అభ్యంతరం వస్తుంది. పోనీ ఎలాగో దక్కించుకున్నా పక్క మండలం వాళ్లు "తాండూరు రైతన్న" అని పెడితే ఆపడం చాలా కష్టం.

దానికి మించిన సంగతి, తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్, వచ్చింది. అలా నమోదైన గుర్తింపును అదే సరుకుకు ట్రేడ్‌మార్క్‌గా ఒకరికే కట్టబెట్టకుండా భౌగోళిక గుర్తింపుల చట్టం 25వ సెక్షన్ అడ్డుపడుతుంది. కానీ ఇందులో మీకు లాభించేది కూడా ఉంది. మీ సభ్యుల పొలాలు ఆ గుర్తింపులో చెప్పిన ప్రాంతంలోనే ఉంటే చెన్నైలోని రిజిస్ట్రీకి దరఖాస్తు చేసి అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. అప్పుడు బ్రాండ్ వేరే ఉంటుంది, దాని కింద "తాండూరు కంది" అన్నది హక్కుతో వేసుకుంటారు. ఒక్క జాగ్రత్త: ఆ గుర్తింపు కందికే. బియ్యం సంచి మీద తాండూరు మాటను అదే పద్ధతిలో వాడితే బియ్యానికి కూడా గుర్తింపు ఉందనే భ్రమ కలుగుతుంది. రెండు సరుకులకూ ఒకే పేరు కావాలనుకుంటున్నారు కాబట్టి తాండూరును బ్రాండ్ పేరులోకి తేవొద్దు.

మిల్లు_మామ:
గుర్తింపు కందులకు వచ్చింది. పట్టిన పప్పుకు కూడా వర్తిస్తుందా?

ముద్ర:
నమోదు పత్రంలో సరుకు వివరణ ఏమని రాశారో, ఎక్కడెక్కడి మండలాలు రాశారో చదివాకే చెప్పాలి. పత్రం రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో తెరిచి చూడొచ్చు. చదవకుండా అవునూ అనను, కాదూ అనను.

భక్తిబాట:
"శ్రీ అనంత పద్మనాభ" గురించి ఎవరూ మాట్లాడలేదు. అనంతగిరి స్వామి పేరు జిల్లాలో అందరికీ తెలుసు. దేవుడి పేరుతో ఉన్న బియ్యం బస్తాలు తరతరాలుగా అమ్ముడుపోతూనే ఉన్నాయి. కొనేవాడికి ఆ పేరు చూస్తే మోసం చేయరనే భరోసా ఉంటుంది. చట్టం ఒక్కటే చూసుకుంటే ఎట్లా?

సిటీ_సరుకు:
అమ్ముడుపోతాయి, కాదనను. పాత షాపుల్లో అలాంటి పేర్లకే గిరాకీ ఎక్కువ. కానీ ఆ పేర్లు ఇన్ని ఉన్నాయి కాబట్టి కొనేవాళ్లు పేరు గుర్తుపెట్టుకోరు, "ఆ పచ్చ బస్తా" అని అడుగుతారు. ఖాళీ సంచి సంగతి కూడా ఆలోచించండి. సిటీలో ఖాళీ బియ్యం సంచి గుమ్మం ముందు కాళ్లు తుడుచుకోవడానికో, చెత్త కట్టడానికో పోతుంది. దాని మీద స్వామి పేరూ బొమ్మా ఉంటే బాధపడేది భక్తులే.

ముద్ర:
దేవుళ్ల పేర్లకు ట్రేడ్‌మార్కులు ఇవ్వరని కాదు, లోగోతో కలిపి ఎన్నో నమోదయ్యాయి. కానీ ఆ మాట మీద మీ ఒక్కరికే హక్కు ఉందని నిలబెట్టుకోవడం కష్టం. దీని మీద మా ఇద్దరి అభిప్రాయాలు కలవకపోవచ్చు, భక్తిబాట గారూ. జిల్లాలోనే అమ్మేటట్టయితే మీ మాటకు బలం ఉంది. హైదరాబాద్‌లో కొత్తగా అడుగుపెట్టేవాళ్లకు అది ఇంకో బస్తా అవుతుందని నా అభిప్రాయం.

భక్తిబాట:
నా అభిప్రాయం మారలేదు. బొమ్మ వేయకుండా పేరు ఒక్కటే వేస్తే ఇబ్బంది ఉండదు.

కందిచేను:
సిటీ_సరుకు గారు చెప్పినట్టు కాగ్నా, నిండు మానిక రెంటినీ ఫోన్‌లో చెప్పించి చూశాం. కాగ్నా దాదాపు అందరూ Kagna అనే రాశారు, కొద్దిమంది Kagina, ఒకరిద్దరు Khagna. అది మా దగ్గరి నుంచి పారే వాగు పేరని సిటీలో ఎవరికీ తెలియదు, కానీ తప్పుగా అనుకున్నవాళ్లూ లేరు. మానిక దగ్గర తికమక వచ్చింది. Manika, Maanika, Manikya, Monica దాకా వెళ్లారు. హిందీవాళ్లు ఆడపిల్ల పేరనుకున్నారు. పెద్దవయసు తెలుగువాళ్లు మాత్రం వినగానే "వడ్లు కొలిచే మానికా!" అని సంబరపడ్డారు. బోర్డుకు ఇప్పుడు మానిక మీద మనసైంది.

ముద్ర:
మానిక మీద నాకు రెండు సందేహాలు. మొదటిది స్పెల్లింగ్, అది మీరే చూశారు. రెండోది, మానిక ఒక కొలత. ప్యాకెట్ సరుకు పరిమాణం ప్రామాణిక కొలతల్లోనే చెప్పాలని తూనికలు కొలతల చట్టం అంటుంది. బ్రాండ్ పేరు పరిమాణం చెప్పడం కాదని మనం వాదించొచ్చు. కానీ "నిండు మానిక" అని పెద్దగా వేసి దాని కిందే "1 కిలో" అని వేస్తే, ఇది మానికెడు సరుకా అని తనిఖీ అధికారి అడగటానికి మీరే తావిచ్చినట్టు. మానికే కావాలనుకుంటే "నిండు" తీసేసి, నికర పరిమాణం దానికి దూరంగా, వేరే మూలన వేయండి. నేనైతే కాగ్నా వైపే ఉంటాను.

అక్షరాల_పని:
ప్యాకెట్లు డిజైన్ చేస్తుంటాను. కాగ్నా మీద నా భయం ఏంటంటే "గ్నా" అన్న ఒత్తు. ప్లాస్టిక్ నేత సంచి మీద అచ్చు వేస్తే సన్నటి గీతలు నేత సందుల్లో చెదిరిపోతాయి. నకార వత్తు చిన్నగా ఉంటే రంగు పూసుకుపోయి అది ఏ వత్తో తెలియకుండా పోతుంది. 10 కిలోల సంచి మీద తెలుగు పేరు కనీసం మీ అరచేయంత ఎత్తు వేయించండి. అచ్చుకు ఇచ్చే ముందు అసలు సంచి మీదే నమూనా తీయించి నాలుగడుగుల దూరం నుంచి చదవండి. పప్పుకు వాడే మెరుపు కవరు మీద ఈ ఇబ్బంది రాదు, ఆ ముద్ర శుభ్రంగా పడుతుంది. మానికకు ఒత్తు లేదు కాబట్టి అచ్చు వరకు అది సుఖం.

తెలుగు పేరు పెద్దగా, ఇంగ్లీషు స్పెల్లింగ్ కింద చిన్నగా వేయాలా, లేక తిరగేయాలా అన్నది మాత్రం నాకూ తేలలేదు. తెలుగు పెద్దగా ఉంటే ఊరి సరుకన్న నమ్మకం వస్తుంది. కానీ ఫోన్‌లో యాప్ మీద బొటనవేలంత బొమ్మలో హిందీవాళ్లకు అది చదవడానికి రాదు.

సిటీ_సరుకు:
షాపుకు తెలుగు పెద్దగా, యాప్‌లో పెట్టే ఫోటోకు ఇంగ్లీషు పెద్దగా. ప్యాకెట్ రెండు వైపులా చెరొకటి వేయించి ఫోటో ఏ వైపు తీయాలో చూసుకుంటే సరి.

లెక్కలపుస్తకం:
బియ్యం సంచి మీద పేరు కింద ఏం రాస్తున్నారు? తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, అనగానే చాలామంది "షుగర్ బియ్యం" అని వేస్తున్నారు. రోగం తగ్గుతుందన్న అర్థం వచ్చే మాట ఆహారం లేబుల్ మీద ఉండకూడదు. రకం పేరు, పండిన కాలం రాస్తే చాలు.

సిటీ_సరుకు:
పండిన కాలం తప్పక రాయండి. కొత్త పేరు మీద మాకు వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ "అన్నం ముద్దయింది" అన్నదే. చాలాసార్లు అది కల్తీ వల్ల కాదు, కోసిన వెంటనే ఆడించిన కొత్త బియ్యం కావడం వల్ల. "వానాకాలం 2025 పంట, ఆరు నెలలు నిల్వ ఉంచిన వడ్లు" అని ఉంటే నీళ్లు ఎన్ని పోయాలో వండేవాళ్లకు తెలుస్తుంది. కొత్త బియ్యమే అమ్ముతుంటే "కొత్త బియ్యం, నీళ్లు తగ్గించండి" అని రాయండి. ఇది రాసిన బ్రాండ్‌ను జనం రెండోసారి అడగటం చూశాను.

కందిచేను:
మేం వడ్లు నిల్వ చేయడానికి గోదాము ఉంది, ఆరు నెలలకు పెట్టుబడి మాత్రం లేదు. మొదటి విడత కొత్త బియ్యమే అవుతుంది. అయితే అదే రాయిస్తాం.

బోర్డులో కాగ్నా మీద ఒప్పుదల కుదిరేటట్టుంది. ముద్ర గారూ, దరఖాస్తు ఎలా వేయాలో చెప్తారా?

ముద్ర:
ముందు వెతకండి. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ సెర్చ్ ఉంది. మాటతో వెతికేటప్పుడు Kagna ఒక్కటే కాదు, ఫోన్‌లో జనం రాసిన ప్రతి స్పెల్లింగ్‌తోనూ "కంటెయిన్స్" పెట్టి వెతకండి. తరువాత ధ్వని పోలిక సెర్చ్ వేరే ఉంటుంది, అందులోనూ చూడండి. ట్రేడ్‌మార్క్ నమోదులో సరుకులను నంబర్లున్న వర్గాలుగా విడదీస్తారు, ఒక్క వర్గం చూసి ఆగొద్దు. బియ్యం 30లో వస్తుంది. ఎండు పప్పు 29లో, ముడి ధాన్యం 31లో వస్తాయి, చిల్లర అమ్మకాల సేవ 35లో. వీటిలో ఎక్కడ దగ్గరి పేరు ఉన్నా అభ్యంతరం రావచ్చు. అందులోనూ "అబాండన్డ్" అని ఉన్న దరఖాస్తును చూసి బెదరక్కర్లేదు, "రిజిస్టర్డ్", "అపోజ్డ్" అని ఉన్నవి మాత్రం తెరిచి సరుకుల జాబితా చదవండి.

దరఖాస్తు TM-A ఫారం మీద. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే చిన్న సంస్థ కింద ఆన్‌లైన్‌లో వర్గానికి ₹4,500, లేకపోతే ₹9,000. 30, 29 రెండూ కలిపి ₹9,000 లేదా ₹18,000 అవుతుంది. డబ్బు తక్కువైతే ముందు లోగో వదిలి మాటనే వేయండి. లోగో రంగు, ఆకారం రెండేళ్లలో మారుతాయి, మాట మారదు. తెలుగు లిపిలో వేస్తే దాని ఇంగ్లీషు ఉచ్చారణ, అర్థం రాసివ్వాలి. అర్థం దగ్గర వాగు పేరు అని నిజమే రాయండి. అది ఊరి పేరంత సూటిగా సరుకును వర్ణించదు కాబట్టి దాటే అవకాశం బాగానే ఉంది, కానీ ఎగ్జామినర్ భౌగోళిక పేరు అని ఒక ప్రశ్న వేయవచ్చు. ఎగ్జామినర్ రిపోర్టు అందిన నెల లోపల జవాబు ఇవ్వాలి. ఈ గడువు దాటిపోయి వదిలేసినట్టు లెక్కగట్టిన దరఖాస్తులు కోకొల్లలు, కారణం మెయిల్ ఎవరూ చూడకపోవడం. కంపెనీ మెయిల్ ఇవ్వండి, సీఈఓ సొంత మెయిల్ ఇవ్వొద్దు. జర్నల్‌లో వచ్చాక నాలుగు నెలలు ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి వ్యవధి.

దరఖాస్తు వేసిన రోజు నుంచే ™ వాడుకోవచ్చు. నమోదు కాకముందు ® వేయడం చట్టవిరుద్ధం, డిజైనర్ అలవాటుగా పెట్టేస్తాడు, చూసుకోండి.

అక్షరాల_పని:
ఒప్పుకుంటాను, పాత ఫైలు నుంచి తెచ్చినప్పుడు ఆ గుర్తు ఉండిపోతుంటుంది.

ఊరి_సంఘం:
ముద్ర గారూ, ఈ మాట విని మా సంగతి గుర్తొచ్చింది. మా బ్రాండ్ దరఖాస్తు మమ్మల్ని నిలబెట్టిన సంస్థ పేరు మీద ఉంది. మూడేళ్ల ఒప్పందం అయిపోతోంది. ఆ పేరు మాదేనా?

ముద్ర:
కాగితం మీద వాళ్లది. సంబంధాలు బాగున్నప్పుడే హక్కుల బదిలీ పత్రం రాయించుకుని స్టాంపు డ్యూటీ కట్టి, ట్రేడ్‌మార్క్ కార్యాలయంలో మీ కంపెనీ పేరు ఎక్కించండి. లోగో గీసిన డిజైనర్ దగ్గర కూడా హక్కులు మీ కంపెనీకి ఇచ్చినట్టు ఒక పేజీ రాయించుకోండి. బిల్లు కట్టినంత మాత్రాన ఆ బొమ్మ హక్కు ఆటోమేటిగ్గా మీకు రాకపోవచ్చు. డొమైన్, ఇన్‌స్టా ఖాతా ఎవరి ఫోన్ నంబరు మీద ఉన్నాయో కూడా చూడండి. సీఈఓ మారిన రోజున పోయేవి ముందు అవే.

కందిచేను గారూ, మీకూ ఇదే. దరఖాస్తుదారు చైర్మన్ కాదు, కంపెనీ. బోర్డు తీర్మానం నకలు పెట్టండి.

మిల్లు_మామ:
వెనక లేబుల్ గురించి ఒక సందేహం. సరుకు ఆడించి ప్యాక్ చేసేది మా లాంటి మిల్లు అయితే మా పేరు కూడా వేస్తారా? వేస్తే కొనేవాడు మీది రైతు కంపెనీ అని నమ్ముతాడా?

లెక్కలపుస్తకం:
వేయాలి. బ్రాండ్ సొంతదారు పేరు, చిరునామా, ఆహార లైసెన్సు నంబరు ఉంటాయి, తయారుచేసిన లేదా ప్యాక్ చేసిన చోటు వేరైతే దాని చిరునామా, లైసెన్సు నంబరు కూడా. దాచాల్సిన పనేం లేదు. "మా సభ్యుల కందులు, ఫలానా మిల్లులో పట్టించినవి" అని ఉంటే అది నిజంలానే వినబడుతుంది. ప్యాకర్‌గా తూనికలు కొలతల శాఖలో నమోదు ఎవరు చేసుకోవాలో మీరిద్దరూ ముందే తేల్చుకోండి. ప్యాకింగ్ మొదలైన 90 రోజుల్లో దానికి దరఖాస్తు వేయాలి.

కందిచేను:
మిల్లుతో మాట్లాడాను. పొడి పద్ధతే, నూనె పడుతుంది, చివరి పాలిష్ ఆపుతామన్నారు. కాబట్టి ప్యాకెట్ మీద "పాలిష్ చేయని కందిపప్పు" అని మాత్రమే వస్తుంది. మాట మీద రెండు వర్గాల్లో కంపెనీ పేరుతోనే దరఖాస్తు వేస్తున్నాం. సంచి నమూనా అచ్చయ్యాక వత్తు ఎలా వచ్చిందో ఇక్కడ ఫోటో పెడతాను. తాండూరు కంది గుర్తింపు పత్రం ఇంకా చదువుతున్నాం, పప్పు సంగతి తేలాక రాస్తాను.